నాలుగు గంటలు చదివినా పరీక్షలో గుర్తు రావట్లేదా?

సమస్య: సాయంత్రం ఆరింటికి కూర్చున్న అమ్మాయి పదింటికి గానీ లేవదు. అడిగితే "అంతా వచ్చు" అంటుంది. పరీక్ష రాసి వచ్చాక "చదివిందే, కానీ గుర్తు రాలేదు" అని ఏడుస్తుంది. మనం తలుపు దగ్గర కనిపిస్తే చాలు, గబుక్కున పేజీ తిప్పేస్తుంది.

కారణం: బద్ధకం మాత్రం కాదు. ఒకే పాఠం నాలుగైదు సార్లు చదివితే ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తుతెచ్చుకోవడం వేరు. పరీక్ష అడిగేది రెండోది. పైగా గంటకోసారి మనం "ఎంతవరకు అయింది?" అంటే పిల్లకు పాఠం కన్నా పేజీల లెక్క ముఖ్యమైపోతుంది. రానిది దాచిపెట్టడం అక్కడే మొదలవుతుంది.

పరిష్కారం: పాఠం ఒకసారి చదివాక పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద గుర్తున్నదంతా రాయమనండి. పది నిమిషాలు చాలు. తర్వాత పుస్తకం తెరిచి తప్పులు తనే దిద్దుకోవాలి. రెండు రోజులాగి మళ్లీ చూడకుండా రాయాలి.

మా అమ్మాయి గుండె బొమ్మతో మొదలుపెట్టింది. నాలుగు గదులూ సరిగ్గానే గీసింది గానీ, ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తాన్ని కుడి కర్ణికలోకి పంపింది. అది ఎడమ కర్ణికలోకి వెళ్లాలి. ఐదుసార్లు చదివిన పాఠమే! రెండు రోజుల తర్వాత గీసినప్పుడు ఆ తప్పు లేదు.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. ఉత్సాహం కొద్దీ ఎర్ర పెన్ను తీసుకుని ఆ కాగితం నేనే దిద్దాను. మర్నాటి నుంచి కాగితాలు సొరుగులోకి వెళ్లిపోయాయి. ఆ కాగితం తనది, తను చూపిస్తేనే చూడాలని నాకు అప్పుడు అర్థమైంది. "ఇక నేను దిద్దను" అని చెప్పి ఆ మాట నిలబెట్టుకుంటే, వారానికి మళ్లీ బల్ల మీదికి వచ్చాయి.

మరి మార్కుల మాట? తొంభై రావాలనుకుంటే తొంభైయే ఉంచండి, తగ్గించక్కర్లేదు. ఇద్దరూ కూర్చుని ఒక్కసారి అనుకోండి, రోజూ తవ్వకండి. రోజూ మాట్లాడాల్సింది చదువు గురించి, అదీ భోజనాలయ్యాక పది నిమిషాలే. "ఎంత అయింది?" బదులు "ఇవాళ ఏది తడబడింది?" అని అడగండి. ఆ పది నిమిషాలు దాటాక ఆ రోజుకి పరీక్షల ఊసు ఎత్తకూడదు. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? మార్కులు పెరగకముందే, రానిది తనంతట తనే చెప్పడం మొదలుపెడుతుంది.

ఇవన్నీ చేసినా నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, పొద్దున్నే కడుపునొప్పి లాంటివి రెండు వారాలు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి వినిపించినా ఆ రెండు వారాలు ఆగొద్దు. పుస్తకాలు పక్కన పెట్టి, తనని ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లండి.