అద్దె రెండుసార్లు వెళ్లిపోయిందా? ఓనర్‌కి ఫోన్ చేసే ముందు ఇది చూడండి

మా బంధువులకు కూకట్‌పల్లిలో మూడంతస్తుల ఇల్లుంది. వాళ్లు ఊళ్లో ఉండరు కాబట్టి ఆరు పోర్షన్ల అద్దెల లెక్క చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. "అన్నా, పొరపాటున రెండుసార్లు కొట్టేశాను, వచ్చే నెలకి సర్దేయండి" అని ఏడాదికి రెండు మూడుసార్లైనా ఫోన్ వస్తుంది. సర్దడం కష్టమేమీ కాదు. అడిగేవాళ్లు ఒక్క విషయం చూసుకోకుండా అడుగుతారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

సమస్య: మీ ఖాతాలో అద్దె రెండుసార్లు కట్ అయింది

మామూలు కారణాలు మీకు తెలిసినవే. భార్య ఒకసారి, భర్త ఒకసారి పంపి ఉంటారు. లేదా ప్రతి నెలా దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టుకున్న ఆటోపే సంగతి మరిచి, చేత్తో మళ్లీ పంపి ఉంటారు. ఆటోపే అయితే ఇప్పుడే ఆపేయండి. లేకపోతే ఓనర్ సర్దడానికి ఒప్పుకున్న నెలలో కూడా డబ్బు వెళ్లిపోతుంది, మళ్లీ మొదటికే వస్తారు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన కారణం వేరే ఉంది. రెండుసార్లు కట్ అయినంత మాత్రాన రెండుసార్లు చేరినట్టు కాదు.

యూపీఐలో డబ్బు ముందు మీ ఖాతాలోంచి కట్ అవుతుంది, ఆ తర్వాత ఓనర్ బ్యాంకులో జమ అవుతుంది. మధ్యలో ఆ బ్యాంకు నుంచి జవాబు రాకపోతే యాప్‌లో "పెండింగ్" అని ఆగిపోతుంది. నెల మొదటి వారంలో, అందులోనూ సాయంత్రం పూట, ఇది ఎక్కువగా చూస్తాను. అలా ఆగిన డబ్బుకి రెండే దారులు. కాస్త ఆలస్యంగా ఓనర్‌కి జమ అవుతుంది, లేదా మీ ఖాతాలోకే తిరిగొస్తుంది. జమ కాని డబ్బు మర్నాటికల్లా వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో నియమం పెట్టింది. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు పరిహారం ఇవ్వాలి.

రెండో అంతస్తులో ఉండే అబ్బాయి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. అద్దె 14,000, నీళ్లకీ మెయింటెనెన్స్‌కీ కలిపి విడిగా 1,500. ఐదో తారీఖు రాత్రి 14,000 పంపితే పెండింగ్ చూపించింది. పది నిమిషాలు చూసి మళ్లీ పంపాడు, అది వెళ్లింది. ఖాతాలో చూస్తే రెండూ కట్ అయ్యాయి. కంగారుపడి అప్పుడే ఓనర్ ఆంటీకి ఫోన్ చేశాడు. ఆవిడ "సరేలే బాబూ, వచ్చే నెల ఇవ్వకు" అంది. పాస్‌బుక్ చూడలేదు, అతని మాట నమ్మింది. మర్నాడు సాయంత్రం మొదటి 14,000 అతని ఖాతాలోకి తిరిగొచ్చింది. ఆ మెసేజ్ మిగతా మెసేజ్‌ల మధ్య పడిపోయింది, అతను చూడలేదు.

తర్వాతి నెల 1,500 మాత్రమే పంపాడు. ఆంటీ పాస్‌బుక్‌లో వెతికితే వెనకటి నెలది ఒకే ఒక్క 14,000 ఉంది. ఆవిడకేమో అబద్ధం చెప్పి అద్దె ఎగ్గొట్టాడనిపించింది. అతనికేమో తీసుకుని లేదంటోందనిపించింది. ఇద్దరూ మంచివాళ్లే, మూడు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి ఇద్దరి స్టేట్‌మెంట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి చెల్లింపుకున్న 12 అంకెల నంబరుతోనే అతని ఖాతాలో జమ కనిపించింది. ఆ సాయంత్రమే 14,000 పంపాడు.

ఏం చేయాలి

రెండు రోజులు ఆగండి. ఆ తర్వాత యాప్‌ని నమ్మకుండా బ్యాంకు స్టేట్‌మెంట్ తెరవండి. రెండు చెల్లింపుల యూటీఆర్ నంబర్లు, అంటే ఒక్కో చెల్లింపుకీ విడిగా ఉండే గుర్తింపు నంబర్లు, రాసుకోండి, యూపీఐ అయితే 12 అంకెలు ఉంటాయి. ఆ రెండింట్లో ఏదైనా తిరిగి జమ అయిందేమో చూడండి. అయితే ఇక సర్దమని అడగాల్సిన పనే లేదు. రెండూ వెళ్లే ఉంటే అప్పుడు ఓనర్‌ని తన స్టేట్‌మెంట్‌లో ఆ రెండు నంబర్లూ చూడమనండి. ఓనర్‌కి వచ్చే మెసేజ్‌లు లెక్కలోకి రావు, పాస్‌బుక్‌లో ఎంట్రీలే లెక్క.

మీ దగ్గర రెండూ వెళ్లాయి, ఓనర్ మాత్రం ఒకటే వచ్చిందంటున్నారా? ఒకటి ఫోన్ నంబరుకి, ఒకటి అకౌంట్ నంబరుకి పంపారేమో చూడండి. ఫోన్ నంబరుకి ముడిపడిన ఖాతా వేరే బ్యాంకుది అయ్యుంటుంది, ఆ ఖాతాని ఆయన చూసి ఉండరు.

రెండూ చేరాయని తేలాక ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, వాట్సాప్‌లో రాయండి. నేను అందరికీ ఇలా రాయమంటాను:

"నమస్తే అంకుల్. జూన్ 5న అద్దె 14,000 పొరపాటున రెండుసార్లు పంపాను. రెండు యూటీఆర్ నంబర్లూ కింద పెట్టాను, మీ పాస్‌బుక్‌లో ఒకసారి చూడండి. ఎక్కువ వెళ్లిన 14,000ని జులై 5న ఇవ్వాల్సిన అద్దె కింద పట్టుకోండి. నీళ్లు, మెయింటెనెన్స్ 1,500 మాత్రం జులైలో ఎప్పటిలాగే పంపుతాను. సరేనంటే ఇక్కడే ఒక మాట చెప్పండి."

"వచ్చే నెల" అని రాయకుండా తారీఖు రాయమనడానికి కారణముంది. కొన్ని ఇళ్లలో ఐదో తారీఖున ఇచ్చేది గడిచిన నెల అద్దె, కొన్నింట్లో నడుస్తున్న నెలది. మీకు వచ్చే నెల అంటే జులై అద్దె, ఓనర్‌కి జూన్ అద్దె. తారీఖు రాస్తే ఆ చిక్కే ఉండదు. ఆ నెల నుంచే అద్దె పెరుగుతుంటే తేడా కూడా రాయండి. 14,000 కాస్తా 14,700 అయితే 700 మీరు విడిగా పంపాలి.

ఓనర్ "అడ్వాన్స్‌లో కలిపేస్తాలే" అంటే ఒప్పుకోకండి. అడ్వాన్స్ ఖాళీ చేసిన రోజున పెయింటింగ్ లెక్కల్లో పడుతుంది, ఈ 14,000 ఎక్కడికి పోయిందో అప్పుడు ఎవరికీ గుర్తుండదు. మీరు ఇప్పటికే ఖాళీ చేస్తామని చెప్పి ఉంటే మాత్రం సర్దుబాటు అడగకండి, డబ్బు వెనక్కి పంపమనండి.

ఓనర్ అసలు ఒప్పుకోకపోతే

ఇది అరుదు. ఓనర్ ఖాతాలో జమ అయిపోయాక ఆయన ఒప్పుకోకుండా బ్యాంకు వెనక్కి తీసి ఇవ్వదు. పొరపాటున అందిన డబ్బు తిరిగివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 72వ సెక్షన్ చెబుతుంది. ఆ సంగతి మర్యాదగా రాస్తే చాలామంది దారికొస్తారు. క్రెడిట్ కార్డుతో అద్దె యాప్‌లో కట్టినవాళ్లు, డబ్బు ఇంకా ఓనర్‌కి చేరకపోతే ముందు ఆ యాప్ వాళ్లనే అడగండి.

జులై 5 వచ్చాక కూడా మౌనంగా ఉండకండి. 1,500 పంపి, "అద్దె జూన్ 5న ఎక్కువ వెళ్లిన దాంట్లో సరిపోయింది అంకుల్, ఆగస్టు 5 నుంచి మామూలుగా 14,000 పంపుతాను" అని అదే చాట్‌లో, పాత మెసేజ్ కిందే రాయండి. ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ చూపించేవాళ్లు ఆ నెల రసీదు కూడా అప్పుడే తీసుకోండి. రసీదులో డబ్బు అందిన తారీఖు జూన్ 5 అనే ఉండాలి, మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోయేది అదే.