పుస్తకాల అర ముందుకు వాలిపోతోందా?

అమలాపురంలో మా పిన్ని వాళ్లింట్లో గోడకు నాలుగు అడుగుల ఫ్లోటింగ్ షెల్ఫ్ ఒకటి బిగించారు. గోడకు బిగించిన పట్టీ నుంచి వచ్చే కడ్డీలు చెక్క బెజ్జాల్లోకి దూరి ఉంటాయి కాబట్టి బ్రాకెట్ బయటికి కనపడదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పుస్తకాలు సర్దిన రెండు వారాలకే ముందు అంచు బొటనవేలి మందాన కిందికి దిగింది. కింద నేల మీద తెల్లటి పొడి.

ముందు పుస్తకాలు దించి, అరకూ గోడకూ మధ్య పైఅంచులో ఒక పోస్టుకార్డు దూర్చి చూడండి. గోడకు బిగించిన పట్టీ వెనక్కే అది దూరిపోతే లోపం గోడలో పట్టుది. పట్టీ కదలకుండా చెక్క మాత్రమే వాలితే చెక్కలోని బెజ్జం వదులైంది, లేదా కడ్డీ వంగింది. చివరలు బాగుండి నడుమ మాత్రమే కుంగితే బ్రాకెట్ల మధ్య దూరం ఎక్కువైంది.

పిన్ని వాళ్లది మొదటి రకం. ఒక అడుగు పుస్తకాలు సంచిలో వేసి తూస్తే ఎనిమిదిన్నర కిలోలు. నాలుగు అడుగులకు 34, చెక్క బరువు 6, మొత్తం 40. బ్రాకెట్ల జత డబ్బా మీద ఉన్నది 20 కిలోలు! అదీ గట్టి గోడకు సరిగ్గా బిగిస్తేనే. మన వైపు పాత ఇళ్లలో చెమ్మ పీల్చిన ఇటుక, డొల్ల ప్లాస్టరింగు.

అసలు చిక్కు బరువొక్కటే కాదు. 40 కిలోలు గోడకు సుమారు 5 అంగుళాల దూరంలో వేలాడుతున్నాయి. దాచిన పట్టీలో పై మర, కింది మర మధ్య ఎడం 2 అంగుళాలే కాబట్టి పై మరల మీద మొత్తం దాదాపు 100 కిలోల లాగుడు పడుతుంది. ఆ ఎడం 8 అంగుళాలుండే ఎల్ బ్రాకెట్ అయితే 25 కిలోలే. అందుకే పుస్తకాలకు నా ఓటు కనపడే బ్రాకెట్‌కే. దాచినవి నాలుగు బొమ్మలు, ఒక ఫోటో పెట్టుకోవడానికి బాగుంటాయి.

పాత బెజ్జాలు వదిలేసి పక్కన కొత్తవి వేశాం. డ్రిల్ చేస్తుంటే ముందు ప్లాస్టర్ పొడి, తర్వాత ఎర్ర పొడి రావాలి. ఎర్రటిది మొదలైన దగ్గర్నుంచి ఇంకో రెండు అంగుళాలు లోపలికి వెళ్లాలి, ప్లాస్టిక్ ప్లగ్గు మొత్తం ఇటుకలోనే కూర్చోవాలి. ఇటుకల మధ్య అతుకులో వేయకండి. ఇటుక మెత్తగా ఉంటే హ్యామర్ మోడ్ ఆపేయాలి, లేదంటే బెజ్జం వెడల్పై ప్లగ్గు అక్కడే తిరుగుతుంది.

మూడు ఎల్ బ్రాకెట్లు పెట్టాం: ఎడమ చివర నుంచి 6, 24, 42 అంగుళాల దగ్గర. అంటే మధ్య ఎడం 18 అంగుళాలు. 18 మి.మీ. ప్లైవుడ్‌కి ఈ ఎడం 24 అంగుళాల దాకా పర్వాలేదు కానీ పార్టికల్ బోర్డుకి 18 దాటనివ్వొద్దు, మన తేమకి అది ఉబ్బి కుంగుతుంది. బ్రాకెట్ పొడవు చెయ్యి గోడకే ఆనాలి, చాలామంది తిరగేసి బిగిస్తారు. మరలు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి, ఉప్పుగాలికి మామూలువి తుప్పు పడతాయి.

ఎర్ర పొడి తడిగా ముద్దలా వస్తే మాత్రం ఆ గోడ జోలికి పోవద్దు. పుస్తకాలు నేల మీద నిలబడే బీరువాలోకి మార్చండి.