లెక్కల్లో దూకుడు: 4వ పాఠం – మార్చి చివరి వారంలో దిగిన సరుకు

గత పాఠంలో నగదు ప్రవాహాల పట్టికను లాభనష్టాల ఖాతా పక్కన పెట్టి చదవడం నేర్చుకున్నాం. ఈ పాఠంలో ఆ రెండింటి మధ్య ఎడం పెరగడానికి తరచుగా కారణమయ్యే ఒక్క పద్ధతిని మాత్రమే తీసుకుంటాను. వచ్చే ఏడాది అమ్ముకోవలసిన సరుకును ఈ ఏడాదే డీలర్ల గోదాములకు తోలి, దానిని ఈ ఏటి అమ్మకంగా రాసుకోవడమే ఆ పద్ధతి.

గుంటూరు పట్నం బజారులో పురుగుమందుల వ్యాపారం చేసే నా పాత పరిచయస్థుడి దుకాణానికి ఒక మార్చి నెలాఖరున వెళ్లాను. మిరప కోతలు ముగింపుకొచ్చి, రైతులందరూ యార్డులో టిక్కీలు అమ్ముకునే పనిలో ఉండే రోజులవి. మందు కొనేవాడు దాదాపు ఉండడు. అయినా ఆయన దుకాణం వెనుక గదిలో అట్టపెట్టెలు కప్పును తాకుతున్నాయి, టేపు కూడా విప్పలేదు. ‘ఇంత సరుకు ఇప్పుడెందుకండీ?’ అని అడిగితే, ‘నేను అడగలేదండీ, కంపెనీవాళ్లే దింపారు. డబ్బు సెప్టెంబరులో ఇస్తే చాలన్నారు, పోకపోతే వెనక్కి తీసుకుంటామన్నారు’ అన్నాడు. ఆ మాట ఏ కాగితం మీదా లేదు. బిల్లు, ఈ-వే బిల్లు మాత్రం మార్చి తేదీలతో సక్రమంగా ఉన్నాయి. ఆడిటరుకు కనబడేవి ఆ రెండే.

మన దేశంలో 2018 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ప్రకారం, సరుకు మీద అదుపు కొనుగోలుదారుకు బదిలీ అయినప్పుడే కంపెనీ ఆదాయం రాసుకోవాలి. వెనక్కి ఇచ్చే హక్కు ఉన్న అమ్మకమైతే, ఎంత సరుకు తిరిగి రావచ్చో అంచనా వేసి ఆ మేరకు ఆదాయం నుంచి తగ్గించి, ‘రిఫండ్ లయబిలిటీ’ కింద బాధ్యతగా చూపాలి. డీలరు కంపెనీ తరఫున సరుకు దాచిపెడుతున్నాడంతే అయితే, అతను అమ్మేదాకా అది అమ్మకమే కాదు. నియమం స్పష్టంగానే ఉంది. నోటిమాటగా ఇచ్చిన హామీని పుస్తకాల్లో కనబడకుండా ఉంచడంలోనే అతిక్రమణ ఉంది. ఆ హామీ మదుపరికీ కనబడదు గనుక, అది అంకెల మీద వేసే జాడను వెతకాలి.

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. మొదటి ఏడాది నాలుగు త్రైమాసికాల అమ్మకాలు వరుసగా 200, 300, 260, 140 కోట్లు. మొత్తం 900 కోట్లు. రెండో ఏడాది అవి 205, 290, 250, 255 కోట్లు. మొత్తం 1,000 కోట్లు. పత్రికా ప్రకటనలో ‘అమ్మకాల్లో 11 శాతం వృద్ధి’ అని ఉంటుంది. కాని మొదటి తొమ్మిది నెలలు విడిగా కూడితే 760 నుంచి 745కి తగ్గాయి. ఏడాది వృద్ధి అంతా, పురుగుమందుకు గిరాకీ తక్కువగా ఉండే చివరి మూడు నెలల నుంచే వచ్చింది.

ఇప్పుడు బ్యాలెన్స్ షీటులోని ట్రేడ్ రిసీవబుల్స్, అంటే డీలర్ల నుంచి రావలసిన బాకీలు చూడండి. మొదటి ఏడాది మార్చి 31న అవి 140 కోట్లు, రెండో ఏడాది 270 కోట్లు. బాకీ ఎన్ని రోజుల అమ్మకానికి సమానమో లెక్కించే సూత్రం ఇది:

```
రోజులు = బాకీలు ÷ ఏడాది అమ్మకాలు × 365
```

దీని ప్రకారం మొదటి ఏడాది 57 రోజులు, రెండో ఏడాది 99 రోజులు వస్తాయి. ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. చివరి త్రైమాసికం అమ్మకాలతో భాగించి 90తో గుణిస్తే, మొదటి ఏడాది 90 రోజులు, రెండో ఏడాది 95 రోజులు మాత్రమే వస్తాయి. ఏమీ జరగనట్టే ఉంటుంది. కుక్కిన అమ్మకం లవంలోనూ హారంలోనూ ఒకేసారి పెరగడం వల్ల జాడ చెరిగిపోతుంది. అందుకే రుతువులతో నడిచే వ్యాపారానికి నేను రెండు లెక్కలూ వేస్తాను. వాటి మధ్య ఎడమే ఎక్కువ చెబుతుంది. బాకీలలో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకాలలో ఉండదు; కాబట్టి రోజుల సంఖ్య అసలు కన్నా కాస్త ఎక్కువగా వస్తుంది గాని, ఏడాదికి ఏడాదిని పోల్చడానికి అది అడ్డు కాదు. పైగా ఒక సంగతి తేలుతుంది: చివరి త్రైమాసికంలో పెరిగిన 115 కోట్ల అమ్మకానికి 18 శాతం పన్ను కలిపితే సుమారు 136 కోట్లు అవుతుంది, బాకీలు పెరిగింది 130 కోట్లు. అదనంగా అమ్మిన సరుకుకు డబ్బు దాదాపు రాలేదన్నమాట.

వార్షిక నివేదికలో బాకీల వయసు పట్టిక ఉంటుంది కదా, అందులో తెలియదా అని మీరు అడగవచ్చు. మార్చిలో తెలియదు. ఆర్నెల్ల గడువుతో మార్చిలో ఇచ్చిన సరుకు ‘ఇంకా గడువు రానివి’ అన్న గడిలోనే కూర్చుంటుంది గనుక, పట్టిక మచ్చలేకుండా కనబడుతుంది.

ఇదే కంపెనీ లాభాన్ని చదును చేసిన తీరు కూడా ఇక్కడే దొరుకుతుంది. తిరిగి రాబోయే సరుకు కోసం మొదటి ఏడాది అమ్మకాలలో 2 శాతం, అంటే 18 కోట్లు పక్కన పెట్టింది. రెండో ఏడాది 1 శాతం, 10 కోట్లే పెట్టింది. గోదాములు నిండిన ఏడాది ఆ కేటాయింపు పెరగాలి, తగ్గకూడదు. పాత శాతమే ఉంచితే 20 కోట్లు కావాలి. ఆ 10 కోట్ల తేడా నేరుగా లాభంలో కలిసింది. పన్నుకు ముందు లాభం 120 నుంచి 140 కోట్లకు చేరిందంటే, అందులో సగం పెరుగుదల ఈ ఒక్క అంచనా మార్పుదే. అదే ఏడాది వ్యాపార కార్యకలాపాల నుంచి వచ్చిన నగదు 12 కోట్లు. మంచి ఏడాదిలో అవసరానికి మించి కేటాయించి, మందగించిన ఏడాదిలో దానిని విప్పుకునే కంపెనీల లాభాలు వర్షాలు ఎలా ఉన్నా ఒకే వాలులో పెరుగుతుంటాయి. పురుగుమందుల వ్యాపారంలో అంత నున్నని గీత కనబడితే నాకు భయమే వేస్తుంది.

ఈ రెండు పనులూ జంటగా నడవడం కొత్త కాదు. అమెరికాలో బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ అనే ఔషధాల కంపెనీ 2000, 2001 సంవత్సరాలలో గిరాకీకి మించి టోకు వ్యాపారులకు సరుకు తోలిందనీ, అలా 150 కోట్ల డాలర్ల ఆదాయాన్ని తప్పుగా రాసుకుందనీ, అప్పటికీ లక్ష్యం అందనప్పుడు దాచిపెట్టిన కేటాయింపులను వాడుకుందనీ అక్కడి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఆరోపించింది. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా ఆ కంపెనీ 2004 ఆగస్టులో 15 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

అయితే ఈ జాడలకు నిర్దోషమైన కారణాలూ ఉంటాయి. ఏప్రిల్ నుంచి ధర పెంచుతామని ప్రకటిస్తే డీలర్లే ముందుగా కొంటారు. చివరి త్రైమాసికంలో మరో కంపెనీని కొంటే, దాని బాకీలు పూర్తిగా చేరతాయి గాని అమ్మకాలు మూడు నెలలవే చేరతాయి. మరోవైపు, బాకీలను బ్యాంకుకు పూర్తిగా అమ్మేసిన కంపెనీలో రోజులు పెరగకపోయినా సరుకు కుక్కి ఉండవచ్చు. ఆ వివరం కోసం నోట్సులో చూడాలి.

తేల్చేది తరువాతి ఆరు నెలలు. మన ఊహా కంపెనీకి జూన్ త్రైమాసికంలో 205కి బదులు 150 కోట్ల అమ్మకమే వచ్చిందనుకోండి. యాజమాన్యం దానికి ‘ఛానల్ ఇన్వెంటరీ సర్దుబాటు’, అంటే డీలర్ల దగ్గరి నిల్వల సర్దుబాటు అని పేరు పెడుతుంది. బ్యాలెన్స్ షీటు ఆరు నెలలకొకసారే వస్తుంది కాబట్టి సెప్టెంబరు 30 నాటి బాకీల కోసం ఆగాలి. ఈలోగా మదుపర్ల సమావేశంలో ఒక ప్రశ్నకు జవాబు వినండి: రైతులకు చేరిన అమ్మకం, అంటే ఆ వ్యాపారంలో ‘లిక్విడేషన్’ అనేది, ఎంత? మంచి ఏడాదిలో ఆ శాతాన్ని తానే ముందుగా చెప్పిన యాజమాన్యం ఈసారి దాని ఊసెత్తకపోతే, ఆ తేదీని మీ నోటు పుస్తకంలో రాసుకోండి.

వచ్చే పాఠానికి ముందు, మీరు వాటాలు కొన్న ఒక కంపెనీని ఎంచుకుని రెండేళ్ల ఎనిమిది త్రైమాసికాల అమ్మకాలు, రెండు మార్చిల బాకీలు, రిఫండ్ లయబిలిటీ ఒకే కాగితం మీద రాసి ఉంచుకోండి. ఐదో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.