బెంగళూరులో ఇల్లు ఖాళీ చేస్తూ అడ్వాన్స్‌ను అద్దెలో కట్ చేసుకోమని అడిగేముందు

బెంగళూరులో అడ్వాన్స్ అంటే ఐదారు నెలల అద్దె, కొన్నిచోట్ల పది నెలలది. అంత డబ్బు "కొత్తవాళ్లు దిగాక ఇస్తాను" అనే మాట మీద ఆగిపోతే చాలా కష్టం. నాకు నాలుగు వాయిదాల్లో వచ్చింది. అందుకే చివరి నెలల అద్దెను అడ్వాన్స్‌లోంచే తీసుకోమని అడగడం తప్పేమీ కాదు. కానీ అడగకుండా అద్దె ఆపేయడం మాత్రం తప్పు. చాలా అగ్రిమెంట్లలో అడ్వాన్స్‌ను అద్దెకు సర్దకూడదని ఒక లైను ఉంటుంది. అది చూడకుండా ఆపితే బాకీ పడ్డది మీరే అవుతారు.

ముందు అగ్రిమెంట్ తీసి మూడు చూడండి: ఆ లైను, నోటీసు ఎన్నాళ్లు, పెయింటింగ్‌కు ఎంత. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెదారు నెత్తిన పడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. అయితే అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుని ఉంటే దాని మాటే చెల్లుతుంది. కాబట్టి పెయింటింగ్‌కు ఒక నెల అద్దె అని సంతకం పెట్టి ఉంటే దాన్ని లెక్కలో కలుపుకోండి.

ఓనర్ భయం కూడా న్యాయమైనదే. మొత్తం సర్దేస్తే, గీజర్ పాడైందనో కరెంటు బిల్లు మిగిలిందనో మీరు వెళ్లాక తేలితే ఆయన చేతిలో ఏమీ ఉండదు. అందుకే మొత్తం అడగకండి. ఉదాహరణకు అద్దె 25,000, అడ్వాన్స్ 1,50,000, నోటీసు రెండు నెలలు అనుకుందాం. ఏప్రిల్ చివర్లో నోటీసు ఇస్తూనే ఇలా మెసేజ్ పెట్టండి:

"సార్, జూన్ 30న ఖాళీ చేస్తున్నాం. మే, జూన్ అద్దెలు 50,000 అడ్వాన్స్‌లో కట్ చేసుకోండి. పెయింటింగ్‌కు 25,000 పోతే మిగిలేది 75,000. ఇల్లు చూసుకుని, కరెంటు బిల్లు మినహాయించుకుని, తాళాలు తీసుకునే రోజు ఇవ్వండి. మీకు సరేనా?"

"సరే" అని రాతలో వచ్చేదాకా మే అద్దె ఆపకండి. ఫోన్‌లో ఒప్పుకుంటే, "ఇందాక మాట్లాడుకున్నట్టు" అని అదే లెక్క మళ్లీ పంపి జవాబు తీసుకోండి.

కాదన్నారా? అద్దె కట్టేయండి. అప్పుడు ఇంకోటి అడగండి: జూన్ మధ్యలో ఒకసారి వచ్చి ఇల్లు చూడమనండి. కుళాయిలు, కబోర్డు తలుపులు, మేకుల రంధ్రాలు ఆయన ఎదుటే చూసుకుని, బాగుచేయాల్సినవి మీరే చేయించండి. బయటివాళ్లతో చేయిస్తే అయ్యే ఖర్చు ముందే తెలుస్తుంది, చివరి రోజు నోటికొచ్చిన అంకె వినక్కర్లేదు. ఖాళీ గదులు, మీటరు రీడింగు వీడియో తీసి ఆ రోజే పంపండి.

ఉద్యోగులు మరచిపోయేది ఒకటుంది. సర్దిన నెలలూ అద్దె కట్టిన నెలలే, కానీ బ్యాంకులో ఆ ట్రాన్స్‌ఫర్ కనబడదు. హెచ్‌ఆర్‌ఏ చూపించేవాళ్లు "అడ్వాన్స్ నుంచి సర్దుబాటు" అని ఆ నెలలకు రసీదు, తాళాలు ఇచ్చేముందే రాయించుకోండి.