చికెన్ నగ్గెట్స్, సాసేజ్‌ల ప్యాకెట్‌పై ప్రోటీన్, సోడియం, కొవ్వు అంకెలను ఎలా చదవాలి?

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా సూపర్ మార్కెట్ ఫ్రీజర్ తలుపు తీస్తే, ప్యాకెట్ ముందువైపు పెద్ద అక్షరాల్లో కనిపించేది ప్రోటీన్ మాటే. సోడియం సంగతి వెనకవైపు చిన్న అక్షరాల పట్టికలో ఉంటుంది. అందువల్ల పిల్లల కోసం నగ్గెట్స్ గానీ సాసేజ్‌లు గానీ కొనేటప్పుడు ప్యాకెట్‌ను తిప్పి, పైన పేరుకున్న మంచును తుడిచి, ఆ పట్టికతోనే చదవడం మొదలుపెట్టాలి.

ఇక్కడ మూడో తరగతి చదివే ఎనిమిదేళ్ల పిల్ల కోసం రెండు ప్యాకెట్లను పోల్చి చూద్దాం. అంకెలు ఏ ఒక్క కంపెనీవీ కావు, అయితే ఇలాంటి సరుకులపై మామూలుగా కనిపించే స్థాయిలోనే ఉన్నాయి. నగ్గెట్స్‌లో 100 గ్రాములకు శక్తి 250 కిలో క్యాలరీలు, ప్రోటీన్ 13 గ్రాములు, పిండిపదార్థాలు 17 గ్రాములు, మొత్తం కొవ్వు 14.5 గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు 4 గ్రాములు, సోడియం 520 మిల్లీగ్రాములు. సాసేజ్‌లో అదే 100 గ్రాములకు శక్తి 230 కిలో క్యాలరీలు, ప్రోటీన్ 13 గ్రాములు, పిండిపదార్థాలు 5 గ్రాములు, మొత్తం కొవ్వు 17.5 గ్రాములు, సంతృప్త కొవ్వు 5.5 గ్రాములు, సోడియం 850 మిల్లీగ్రాములు.

మొదటి పని: 100 గ్రాముల లెక్కను పిల్ల పళ్లెంలోకి తేవడం

పట్టికలో 100 గ్రాముల వరుస ఒకటి, ఒక సర్వింగ్‌కు సంబంధించిన వరుస ఒకటి ఉండవచ్చు. రెండు ప్యాకెట్లను పోల్చడానికి 100 గ్రాముల వరుసనే తీసుకోవాలి, ఎందుకంటే సర్వింగ్ ఎంత అన్నది కంపెనీ నిర్ణయించేది, ఒకరు మూడు ముక్కలని, మరొకరు అయిదు ముక్కలని రాసుకోవచ్చు. ఆ తరువాత ప్యాకెట్ బరువును ముక్కల సంఖ్యతో భాగించాలి. మన నగ్గెట్స్ ప్యాకెట్ 300 గ్రాములు, అందులో 15 ముక్కలు ఉన్నాయనుకుంటే ముక్క 20 గ్రాములు. సర్వింగ్ నాలుగు ముక్కలని ప్యాకెట్ చెప్పినా, మీ అమ్మాయి ఆరు తింటుందని మీకు తెలుసు కనుక లెక్క 120 గ్రాములకు వేయాలి. అంటే 100 గ్రాముల అంకెలన్నిటినీ 1.2తో గుణించాలి. అప్పుడు ప్రోటీన్ 15.6 గ్రాములు, మొత్తం కొవ్వు 17.4 గ్రాములు, సోడియం 624 మిల్లీగ్రాములు వస్తాయి.

రెండో పని: శాతాలను పెద్దల కొలత నుంచి పిల్లల కొలతకు మార్చడం

ఎక్కువమంది తల్లిదండ్రులు పొరబడే చోటు ఇదే. మన దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమాల ప్రకారం పట్టికలో రోజువారీ అవసరంలో ఎంత శాతమో చూపే అంకె, రోజుకు 2000 కిలో క్యాలరీలు తీసుకునే పెద్ద మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసినది. అలాంటి వ్యక్తికి మొత్తం కొవ్వు 67 గ్రాములు, సంతృప్త కొవ్వు 22 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు అన్నవి ఆ లెక్కకు ఆధారం. నాలుగు నగ్గెట్స్‌లో 416 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది కనుక ప్యాకెట్‌పై 21 శాతం అని అచ్చవుతుంది, చూడడానికి అదేమంత ఎక్కువ అనిపించదు.

పిల్లలకు ఈ పరిమితిని వారి శక్తి అవసరాన్ని బట్టి తగ్గించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు సుమారు 1700 కిలో క్యాలరీలు, 23 గ్రాముల ప్రోటీన్ చాలు. ఆ దామాషాలో సోడియం పరిమితి 1700 మిల్లీగ్రాములవుతుంది. ఇప్పుడు ఆరు నగ్గెట్స్‌లోని 624ను 1700తో భాగిస్తే దాదాపు 37 శాతం. ప్యాకెట్ మీద 21 కనిపించిన చోట నిజంగా చదువుకోవలసిన అంకె ఇది. సోడియాన్ని ఉప్పుగా ఊహించుకోవాలంటే 2.5తో గుణించాలి. 624 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒకటిన్నర గ్రాముల ఉప్పుతో సమానం.

మూడో పని: ఒక్కో గ్రాము ప్రోటీన్ వెంట ఎంత సోడియం వస్తోందో చూడడం

రెండు ప్యాకెట్లలోనూ ప్రోటీన్ 13 గ్రాములే కాబట్టి ఆ అంకె ఒక్కటే చూస్తే తేడా తెలియదు. సోడియాన్ని ప్రోటీన్‌తో భాగించి చూడండి. నగ్గెట్స్‌లో గ్రాము ప్రోటీన్‌కు 40 మిల్లీగ్రాములు, సాసేజ్‌లో 65 మిల్లీగ్రాములు వస్తాయి. ఉప్పు వేయని పచ్చి కోడి రొమ్ము మాంసంలో 100 గ్రాములకు ప్రోటీన్ 22 గ్రాముల చుట్టూ, సోడియం 50 నుంచి 70 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది, అంటే గ్రాముకు మూడు మిల్లీగ్రాములే. ఫ్రీజర్ ముందు నిలబడి ఫోన్‌లో వేసుకోదగిన లెక్కల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా తోచినది ఇదే.

సాసేజ్‌లో సోడియం ఎక్కువగా ఉండడానికి కారణం పదార్థాల జాబితాలో దొరుకుతుంది. మాంసం ముద్ద విడిపోకుండా పట్టి ఉండడానికి ఉప్పు, నీటిని పట్టి ఉంచడానికి జాబితాలో ఐఎన్‌ఎస్ 451 వంటి నంబర్లతో కనిపించే ఫాస్ఫేట్లు, రంగు కోసం, నిల్వ కోసం ఐఎన్‌ఎస్ 250 అనే సోడియం నైట్రైట్ కలుపుతారు. వీటన్నిటి నుంచీ వచ్చే సోడియం పట్టికలోని అంకెలో కలిసే ఉంటుంది కనుక విడిగా కూడనక్కరలేదు.

జాబితాలో పదార్థాలను బరువు ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. చికెన్ 55 శాతం అని ఉంటే, 100 గ్రాముల నగ్గెట్స్‌లో చికెన్ నుంచి వచ్చే ప్రోటీన్ దాదాపు 12 గ్రాములకు మించకపోవచ్చు. తక్కినది గోధుమపిండి, రొట్టెపొడి, సోయా ప్రోటీన్ నుంచి వస్తుంది. సోయా తప్పేమీ కాదు, కానీ ముందువైపు చికెన్ బొమ్మ చూసి ప్రోటీన్ అంతా మాంసానిదే అనుకోకూడదు.

నాలుగో పని: కొవ్వును శక్తితో కలిపి చదవడం

కొవ్వు గ్రాముకు 9 కిలో క్యాలరీలు, ప్రోటీన్ గ్రాముకు 4 ఇస్తాయి. సాసేజ్‌లోని 17.5 గ్రాముల కొవ్వు అంటే దాదాపు 157 కిలో క్యాలరీలు, అంటే మొత్తం 230లో మూడింట రెండొంతులు. ప్రోటీన్ వాటా 52, నాలుగో వంతు కూడా కాదు. చికెన్ కనుక కొవ్వు తక్కువే ఉంటుందన్న నమ్మకం, కోడి తోలు, కొవ్వు, నూనె కలిపి రుబ్బిన సరుకు విషయంలో నిలబడదు. తరువాత సంతృప్త కొవ్వు చూడాలి. మన పిల్లకు దామాషాలో రోజుకు 19 గ్రాములకు లోపు ఉండాలి, 100 గ్రాముల సాసేజ్‌లలో 5.5 గ్రాములు వెళుతుంది. పాక్షికంగా హైడ్రోజినేట్ చేసిన నూనె జాబితాలో కనిపిస్తే ఆ ప్యాకెట్‌ను తిరిగి పెట్టేయడం మేలు.

పట్టిక చెప్పని సంగతి ఒకటుంది. ఆ అంకెలు ప్యాకెట్‌లో ఉన్న స్థితికి సంబంధించినవి. నగ్గెట్స్‌ను సాధారణంగా ఫ్యాక్టరీలోనే ఒకసారి నూనెలో సగం వేయించి గడ్డకట్టిస్తారు. ఇంట్లో మళ్లీ మూకుడులో వేయిస్తే పైపొర పీల్చుకున్న నూనె పట్టికలోని కొవ్వుకు అదనం. ఓవెన్‌లోనో ఎయిర్ ఫ్రయర్‌లోనో వేడిచేస్తే ఆ అదనం రాదు, కానీ సోడియం మాత్రం అణువంతైనా తగ్గదు.

కొనాలని నిర్ణయించుకున్నాక

గుంటూరు ఇంటి భోజనంలో ఆవకాయ, గోంగూర పచ్చడి, ఉప్పు దండిగా వేసిన కారప్పొడి మామూలే. నగ్గెట్స్ పెట్టే రోజున 1700లో 624 ముందే పోయింది, టమాటా సాస్ సీసా పట్టికలోని సోడియాన్ని కూడా దానికి కలపాలి. ఆ రాత్రి పిల్ల పళ్లెంలో పచ్చడి మాని పప్పు, పెరుగుతో సరిపెట్టవచ్చు. సాసేజ్ అయితే ముక్క 25 గ్రాములనుకుని రెండింటితో ఆపితే సోడియం 425 మిల్లీగ్రాములు, రోజు పరిమితిలో నాలుగో వంతు. అప్పుడు అందే ప్రోటీన్ ఆరున్నర గ్రాములే, అది ఒక కోడిగుడ్డులోనూ దొరుకుతుంది.