నాలుగు పేజీలు, ఒకే ఆవకాయ – పాఠం 5: ప్రచారాన్ని విడతలుగా పంచడం

పోయిన పాఠంలో నాలుగు బ్రాంచీల ఫేస్‌బుక్ పేజీలకూ పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు సరిచేసుకున్నాం. పేజీ తెరవగానే అది ఏ ఊరి కొట్టో, ఎవరిదో తెలిసిపోతోంది. ఇవాళ ఆ నాలుగింటి మీదా ఒకే ప్రచారం నడపాలి. విషయం కొత్త ఆవకాయ బుకింగ్, గడువు ఆదివారం రాత్రి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. మా పిన్ని పచ్చళ్ళ కొట్టుకి విజయవాడ, గుంటూరు, రాజమండ్రి, కూకట్‌పల్లిలో బ్రాంచీలున్నాయి. మొదటి ఏడాది పొద్దున్నే కూర్చుని అదే పోస్టరు, అదే వాక్యం, అదే లింకు నాలుగు పేజీల్లోనూ రెండు నిమిషాల్లో అతికించేశాను. ఆ ఊపులోనే డజను గ్రూపుల్లోనూ పెట్టాను. మధ్యాహ్నానికి గ్రూపుల్లో సగం పోస్టులు కనిపించలేదు. సాయంత్రానికి ఏ పేజీలోనూ లింకు పెట్టనివ్వలేదు. పిన్ని మాత్రం, "ఆవకాయ కూడా మూడో రోజుదాకా ఆగి కలుపుతాం గదరా, నీకేం తొందరొచ్చింది?" అంది.

ఫేస్‌బుక్‌లో స్పామ్‌ని వడపోసే యంత్రం మన ఉద్దేశం చూడదు. ఒకే మాటలు, ఒకే బొమ్మ, ఒకే లింకు, దగ్గర దగ్గర సమయాల్లో, ఒకే చేతి కింద ఉన్న ఖాతాల నుంచి వస్తున్నాయా అన్నది చూస్తుంది. ఏ వేదికా తన లెక్క పూర్తిగా బయటపెట్టదు. అయితే రెండు రాతలు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచే పాత పద్ధతి ఒకటుంది. 1997లో ఆండ్రే బ్రోడర్ వెబ్ పేజీల నకళ్ళు పట్టుకోవడానికి చెప్పినది. వాక్యాన్ని వరుసగా కొన్నేసి మాటల గుత్తులుగా విడగొట్టి, రెండు రాతల్లో ఎన్ని గుత్తులు కలిశాయో లెక్కపెట్టడమే ఆ పద్ధతి. కాగితం మీద మనమూ చేసి చూద్దాం.

"కొత్త ఆవకాయ సిద్ధం, ఈ ఆదివారం లోపు బుక్ చేసుకుంటే కిలోకి 50 రూపాయలు తగ్గింపు." ఇందులో 12 మాటలున్నాయి. మూడేసి మాటలు తీసుకుంటే 10 గుత్తులు. ఇప్పుడు "సిద్ధం" తీసేసి "రెడీ" పెట్టండి. ఆ మాట ఉన్న మూడు గుత్తులే మారాయి, మిగతా ఏడూ అలాగే ఉన్నాయి. మనకి కొత్త వాక్యంలా అనిపించినా లెక్కలో అది పాతదే. చివర్లో రెండు బొమ్మలు, ఒక పూల గుర్తు తగిలించినా అంతే. పోస్టరు సంగతీ ఇలాంటిదే. సైజు తగ్గించినా, రంగు కాస్త మార్చినా బొమ్మ మొత్తం రూపాన్ని పోల్చే పద్ధతులు దాన్ని గుర్తుపడతాయి. కాబట్టి పర్యాయపదాల వేటకి ఒక్క నిమిషం కూడా ఖర్చు పెట్టకండి.

మారాల్సింది చెప్పే సంగతి. తగ్గింపు నాలుగు ఊళ్ళకీ ఒకటే గానీ, ఆవకాయ గురించి ఒక్కో ఊళ్ళో అడిగే ప్రశ్న వేరు. గుంటూరు కౌంటర్లో జనం కారం గురించి అడుగుతారు. అక్కడి పోస్టు ఇలా మొదలైంది: "ఈసారి కారం మన యార్డు మిరపకాయలు తెచ్చి పట్టించిందే. నాలుక మీద వేసుకు చూడాలంటే సాయంత్రం కొట్టుకి రండి." పక్కన మిరపకాయలు ఆరబోసిన ఫోటో, ఫోన్‌తో తీసింది. రాజమండ్రిలో కాయ ఏదని అడుగుతారు, అక్కడ కొత్తపల్లి కొబ్బరి ముక్కని టెంకతో సహా చేతిలో పట్టుకున్న ఫోటో పెట్టాం. కూకట్‌పల్లిలో పిల్లలకి అమెరికా పంపాలి, నూనె కారకుండా ఎలా కడతారని అడుగుతారు. ప్యాకింగ్ చేస్తున్న చిన్న వీడియో అక్కడికి సరిపోయింది. ఈ ప్రశ్నలు నేను ఊహించినవి కావు, కౌంటర్లో కూర్చునే నలుగురికీ ఫోన్ చేసి రాసుకున్నవి. ఈ మూడు పోస్టులకీ కలిసిన గుత్తులు లెక్కపెడితే తగ్గింపు వాక్యంలో తప్ప ఎక్కడా దొరకవు.

ఇక రోజులు. అసలు ప్రకటన పోస్టరుతో, లింకుతో మంగళవారం విజయవాడ పేజీలో ఒక్కదానిలోనే వచ్చింది. గుంటూరు బుధవారం సాయంత్రం, ఎందుకంటే రుచి చూడ్డానికి రమ్మన్నది సాయంత్రమే. రాజమండ్రి గురువారం మధ్యాహ్నం. కూకట్‌పల్లి శుక్రవారం రాత్రి, ఆఫీసు పనులు అయ్యాక. శనివారం పొద్దున్న విజయవాడ పేజీలో ఎన్ని జాడీలు మిగిలాయో ఒక్క ముక్క. మెటా బిజినెస్ సూట్‌లో ముందే సమయం పెట్టి ఉంచవచ్చు. ఎడం ఎందుకు పెడుతున్నామో మీకే కారణం ఉండాలి. అదే పోస్టుని 9:00కి, 9:07కి, 9:19కి పెడితే అది విడతలు కాదు, నకలుకి ఆలస్యం కలపడం.

లింకు దగ్గర ఒక చిన్న నిర్ణయం చాలా తేడా తెచ్చింది. గుంటూరు, రాజమండ్రి వాళ్ళు కొట్టుకే వస్తారు కాబట్టి ఆ రెండు పోస్టుల్లో లింకే పెట్టలేదు, ఫోన్ నంబరు చాలు. పార్సిల్ కావాల్సిన కూకట్‌పల్లికి మాత్రం ఇలా ఇచ్చాం:

```
https://example.com/avakaya?utm_source=facebook&utm_campaign=avakaya&utm_content=kukatpally
```

చివరి తోక ఏ పేజీ నుంచి ఎన్ని ఆర్డర్లు వచ్చాయో తెలియడానికే, లింకుని దాచడానికి కాదు. కురచ లింకులు వాడొద్దు. మోసగాళ్ళు అసలు చిరునామా దాచడానికి అవే వాడతారు, వాళ్ళ చెడ్డపేరు మనకీ అంటుకుంటుంది.

ఎక్స్‌లో అయితే నియమం ఇంకా గట్టిది. అప్పటి ట్విట్టర్ 2018 ఫిబ్రవరిలోనే ఒకే మాటని, దాదాపు అదే మాటని పలు ఖాతాల్లో పెట్టడాన్ని నిషేధించింది. ముందే సమయం పెట్టి పంపినా ఒప్పుకోలేదు. ఒక ఖాతాలో పెట్టి, మీవే అయిన కొద్ది ఖాతాల నుంచి దాన్ని రీట్వీట్ చేసుకోమంది. కాబట్టి అక్కడ ఒకటే రాత, మిగతావి పంచుకోవడం. ఇంకో మాట: పక్కింటి కుర్రాడి పేరుతో, లేని కస్టమరు పేరుతో ఖాతాలు తెరిచి వాటికి ఈ విడతల పద్ధతి వాడదామనుకుంటే ఇక్కడే ఆగండి. అది స్పామ్ సమస్య కాదు, జనాన్ని మోసం చేయడం. ఎన్ని రోజులు ఎడం పెట్టినా దాని పేరు మారదు.

అడ్డు పడిందని ఎలా తెలుస్తుంది? నాలుగు పేజీల రీచ్ ఒకేసారి పడిపోతే లింకునో, పోస్టరునో అనుమానించండి. ఒక్క పేజీదే పడిపోతే ఆ పేజీ స్టేటస్ తెరిచి హెచ్చరిక ఏదైనా ఉందేమో చూడండి. తేల్చుకోవడానికి లింకు లేకుండా మామూలు ఫోటో ఒకటి పెట్టండి. అది ఎప్పటిలాగే జనానికి చేరితే చిక్కు లింకుదో, పోస్టరుదో. ఏదైనా సరే, ఆగిన పోస్టునే మళ్ళీ మళ్ళీ పెట్టకండి, కొత్త ఖాతా తెరవకండి. నేను మొదటి ఏడాది ఆ రెండూ చేశాను. రెండ్రోజుల్లో పోవాల్సిన అడ్డు సీజను సగం తినేసింది.

గ్రూపులు మాత్రం వేరే లెక్క. ముందు అడ్మిన్‌ని అడగాలి, రోజుకి ఒక గ్రూపు మించకూడదు. ఆ వివరం పాఠం 6లో.

ఈలోపు అభ్యాసం: మీ రెండు పేజీల కోసం రాసిన పోస్టులు పక్కపక్కన పెట్టి మూడేసి మాటల గుత్తులు గీయండి. పదింటిలో మూడు దాటి కలిస్తే వాక్యం దిద్దకండి, కౌంటర్లో ఉన్నవాళ్ళకి ఫోన్ చేయండి.