జర్నల్ క్లబ్‌లో బొమ్మ తిరిగి గీసే ముందు చూసుకోవాల్సినవి

ఉదాహరణకు, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో డాపాగ్లిఫ్లోజిన్ మందును ప్లసీబోతో పోల్చిన, 2019లో వచ్చిన డాపా-హెచ్ఎఫ్ ట్రయల్ తీసుకుందాం. స్లైడ్లు పది దాటనివ్వకండి. సగం సమయం ప్రధాన ఫలితం గ్రాఫ్‌కే ఇవ్వండి.

☐ పేపర్‌లో అంకెలను ముందే రాసిపెట్టుకోండి: ప్రధాన ఫలితం, అంటే హార్ట్ ఫెయిల్యూర్ ముదరడం లేదా గుండె, రక్తనాళాల జబ్బుతో మరణం, ఎదురైనవాళ్లు డాపాగ్లిఫ్లోజిన్ వైపు 2373 మందిలో 386 (16.3%), ప్లసీబో వైపు 2371 మందిలో 502 (21.2%), హజార్డ్ రేషియో 0.74.

☐ గ్రాఫ్ నుంచి పాయింట్లు తీసేటప్పుడు ఒక్కో అక్షం మీద దూరదూరంగా ఉన్న రెండు గుర్తులతో స్కేలు సరిచూసుకోండి. పెద్ద గ్రాఫ్‌లో ఇరికించిన చిన్న గ్రాఫ్‌కి స్కేలు వేరు. ఇది కలిసిపోతే గీతలు చక్కగానే కనిపిస్తాయి, విలువలే తప్పుతాయి.

☐ ప్లసీబో గీత చివర 21.2 దగ్గర ఆగలేదని కంగారుపడి దించకండి. అది మొత్తం మందిలో శాతం. గీత మాత్రం మధ్యలో ఫాలోఅప్ ముగిసినవాళ్లను లెక్కలోకి తీసుకుని వేసిన అంచనా.

☐ నిలువు అక్షాన్ని 30% దగ్గర ఆపితే ఆ మాట స్లైడ్ మీదే రాయండి. లేకపోతే 4.9 పాయింట్ల తేడా కొండంత కనిపిస్తుంది.

☐ గీతలోని మెట్లను నున్నటి వంపుగా మార్చొద్దు. కింద ‘ఇంకా ఫాలోఅప్‌లో ఉన్నవారు’ వరుస తీసేయొద్దు. అందంగా లేదని చాలామంది ముందు కత్తిరించేది దాన్నే. కుడి చివర ఎంత కొద్దిమంది మిగిలారో చెప్పేది అదొక్కటే.

☐ మూలలో ‘తిరిగి గీసినది’ అని, అసలు బొమ్మ నంబరు వేయండి.